డాక్టరు చీటీ ఒక్కటే చాలదని కోర్టు ఎందుకు అంటుంది?

ప్రశ్న: మా తమ్ముడికి ముప్పై ఏళ్లు. ఆరేళ్లుగా చినవాల్తేరు మానసిక వైద్యశాల ఓపీలో చూపించుకుని స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతున్నాడు. సంక్రాంతి తర్వాత మందులు మానేశాడు. పక్కింటాయన నీళ్ల మోటారు గొట్టంలోంచి మా ఇంట్లోకి విషవాయువు వదులుతున్నాడని అనడం మొదలుపెట్టాడు. కిటికీ సందులన్నీ ప్లాస్టరుతో అంటించాడు. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు కూడా రాసిచ్చాడు. వాళ్లు సర్దిచెప్పి పంపేశారు. నెల కిందట తెల్లవారుజామున మోటారు వేయడానికి వచ్చిన ఆయన్ని ఇనుప రాడ్డుతో తలమీద కొట్టాడు. ఆయన చనిపోయారు. వీడు రాడ్డు బావిలో పడేసి, వచ్చి గదిలో కూర్చున్నాడు. ఇప్పుడు సెంట్రల్ జైలులో మందులు వేసుకుంటూ ‘తప్పు చేశానక్కా’ అని ఏడుస్తున్నాడు. మా వకీలు ‘మెంటల్ సర్టిఫికెట్ తెండి, కేసు ఎగిరిపోతుంది’ అన్నారు. డాక్టరుగారేమో ‘జబ్బు ఉందని రాస్తాను. ఆ పొద్దున అతనికి ఏం తెలుసో ఏం తెలియదో నేను రాయలేను’ అన్నారు. రెండిళ్ల మధ్య మురుగుకాలువ తగాదా కూడా పాతది ఒకటి ఉంది. ‘మావాడు మామూలుగానే ఉండేవాడు’ అన్న కాగితం మీద పోలీసులు అమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. జబ్బు ఉందని ప్రభుత్వ డాక్టరే చెబుతుంటే కోర్టుకు ఇంకేం కావాలి?
— ఒక అక్క, గోపాలపట్నం

సమాధానం: అమ్మా, డాక్టరుగారి మీద కోపం పెట్టుకోకండి. మీరు రాసినవాళ్లందరిలో సరిగ్గా మాట్లాడింది ఆయనే. సర్టిఫికెట్ తెస్తే కేసు ఎగిరిపోతుందన్న వకీలు మాట నమ్మి కూర్చుంటే, సాక్ష్యం సేకరించాల్సిన రోజులు చేజారిపోతాయి.

చట్టం ఏం అడుగుతోందో ముందు చూద్దాం. పాత ఐపీసీలో 84వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. అందులో ఏ జబ్బు పేరూ లేదు. ఆ పని చేసిన సమయంలో, మతిస్థిమితం లేని కారణంగా, తాను చేస్తున్న పని ఎలాంటిదో తెలుసుకోలేని స్థితిలోనో, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అని తెలుసుకోలేని స్థితిలోనో ఉన్నవాడు చేసినది నేరం కాదు అంటుంది. జబ్బు ఉండటం దీనిలో మొదటి మెట్టు మాత్రమే. ఆ జబ్బు ఆ క్షణంలో అతని తెలివిని ఎంతవరకు మింగేసింది అన్నది అసలు ప్రశ్న. మొదటిదానికి జవాబు డాక్టరు చెప్పగలరు. రెండోదానికి డాక్టరు సాయం చేయగలరేగానీ, తీర్పు జడ్జిదే. ఆయన ఆ తెల్లవారుజామున మీ పెరట్లో లేరు కదా.

ఈ తేడా కోర్టులు కఠినంగా ఉండాలని పెట్టుకున్నది కాదని నా అభిప్రాయం. ఆరేళ్లలో మీ తమ్ముడు బజారుకు వెళ్లి ఉంటాడు, చిల్లర లెక్క చూసుకుని ఉంటాడు, చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లి ఉంటాడు. స్కిజోఫ్రెనియా ఉన్న మనిషి ప్రతి గంటా భ్రమలోనే ఉండడు, అతను చేసే ప్రతి పనీ జబ్బు చేయించేదీ కాదు. రోగనిర్ధారణ ఒక్కటే చాలు అంటే, ఓపీ చీటీ ఉన్న ప్రతి మనిషినీ తన పనికి తాను బాధ్యుడు కాలేనివాడిగా ముద్ర వేసినట్టే. అందుకే 2008లో హరి సింగ్ గోండ్ కేసులోనూ, అంతకు ముందూ తర్వాతా మరెన్నో కేసుల్లోనూ సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పింది: వైద్యం దృష్టిలో మతిస్థిమితం లేకపోవడం వేరు, చట్టం దృష్టిలో లేకపోవడం వేరు. పట్టరాని కోపం, ఆపుకోలేని ఆవేశం, వింత ప్రవర్తన – ఇవేవీ వాటంతట అవి ఈ సెక్షన్ కిందకు రావు.

ఇప్పుడు మీ తమ్ముడి విషయానికి ఈ కొలతే పెట్టి చూద్దాం. తాను కొడుతున్నది మనిషినని, చేతిలో ఉన్నది ఇనుమని, తలమీద కొడితే ప్రాణం పోతుందని అతనికి తెలుసా? మీరు రాసినదాన్ని బట్టి తెలుసనే అనుకోవాలి. కుండ అనుకుని తల పగలగొట్టినవాడి కథ కాదు ఇది. కాబట్టి ‘చేస్తున్న పని ఎలాంటిదో తెలియదు’ అన్న వాదన మీకు నిలబడేలా లేదు. మీ బలం, ఏదైనా ఉంటే, రెండో భాగంలో ఉంది. అది తప్పని, చట్టవిరుద్ధమని తెలుసుకునే స్థితిలో అతను ఉన్నాడా?

ఇక్కడ భ్రమ ఏ రూపంలో ఉందన్నది ముఖ్యం. 1843లో ఇంగ్లండ్‌లో డేనియల్ మెక్‌నాటెన్ అనే మనిషి ప్రధానమంత్రి కార్యదర్శిని కాల్చి చంపాడు. మతిస్థిమితం లేదని జ్యూరీ అతన్ని వదిలేసింది. దేశమంతా గోల చేస్తే ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలు అడిగింది. వాళ్లిచ్చిన జవాబుల నుంచే మన సెక్షన్ పుట్టింది. అందులో ఒక జవాబు మీకు పనికొస్తుంది. భ్రమలో ఉన్నవాడి విషయంలో, అతను నమ్మిందే నిజమైతే అతని పని ఎలా ఉండేదో అలా చూడాలన్నారు. ఎదుటివాడు తన ప్రాణం తీయబోతున్నాడని భ్రమపడి, ఆత్మరక్షణ అనుకుని చంపితే శిక్ష లేదు. ఎదుటివాడు తన పరువు తీశాడని, ఆస్తి పాడు చేశాడని భ్రమపడి పగతో చంపితే శిక్ష ఉంది. మన సెక్షన్‌లో ఈ మాట అక్షరాలా లేదుగానీ వాదనకు దారి చూపిస్తుంది.

మీ తమ్ముడు ఆయన్ని ఎప్పుడు కొట్టాడు? మోటారు వేయడానికి వచ్చినప్పుడు. ‘ఈ స్విచ్ వేస్తే గొట్టంలోంచి వాయువు వచ్చి ఇంట్లో అందరూ పోతారు’ అని ఆ క్షణాన నమ్మి ఉంటే, అది అతని మనసులో ఇంటివాళ్లను కాపాడుకోవడమే. ‘ఇన్నాళ్లు విషం వదిలావు, నీ పని చెబుతా’ అనుకుని ఉంటే కథ వేరు. బయటికి రెండూ ఒకే దెబ్బ. కోర్టుకు రెండూ ఒకటి కావు. అందుకని ముందు రోజు రాత్రి, ఆ పొద్దున, దెబ్బ వేశాక అతను ఏ మాటలు అన్నాడో మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఇప్పుడే, విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రాసిపెట్టి వకీలుకు ఇవ్వండి. గుర్తున్నదే రాయండి, కేసుకు బాగుంటుందని తోచింది రాయకండి.

ఇక మీకు ఎదురు తిరిగేవి. మురుగుకాలువ తగాదాను ప్రాసిక్యూషన్ కారణంగా చూపిస్తుంది. రాడ్డు బావిలో వేయడాన్ని సాక్ష్యం దాచడం అంటుంది. పోలీసులు వస్తారని తెలియనివాడు రాడ్డు ఎందుకు దాస్తాడు అని అడుగుతుంది. ఇది గట్టి ప్రశ్న, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాగితం రెండువైపులా పదునున్న కత్తి. దెబ్బకు ముందే, కేసు ఊసే లేనప్పుడు, అతని చేతిరాతతో ఆ భ్రమ నమోదైంది. తర్వాత అల్లిన కథ అని ఎవరూ అనలేరు. అయితే ‘అన్యాయం జరిగితే పోలీసుల దగ్గరికి వెళ్లాలని తెలిసినవాడికి, కొట్టి చంపడం చట్టవిరుద్ధమని తెలియదా’ అని కూడా అదే కాగితం చూపించి అడుగుతారు.

సుప్రీంకోర్టులో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. 1972లో షేరల్లీ వలీ మహమ్మద్ కేసులో భార్యాబిడ్డలను చంపిన మనిషి పారిపోలేదు, చంపడానికి కారణమూ కనబడలేదు. అంతమాత్రాన మతిస్థిమితం లేదనలేమని కోర్టు శిక్ష ఖాయం చేసింది. 2002లో శ్రీకాంత్ ఆనందరావు భోసలే కేసులో ఒక పోలీసు కానిస్టేబుల్ భార్యను రోలు పొత్రంతో కొట్టి చంపాడు. ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటే ఆమె వద్దందన్న చిన్న కారణమే అక్కడ కనబడింది. అతను దాక్కోలేదు, పారిపోలేదు. అయితే అతన్ని బయటపడేసింది అదొక్కటే కాదు. తండ్రికీ మానసిక జబ్బు ఉంది. ఘటనకు ముందు అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రెనియాకు చికిత్స జరిగిన కాగితాలున్నాయి. అరెస్టు తర్వాత ఆ ఏడాదే మళ్లీ మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చిన రికార్డూ ఉంది. ముందు, అప్పుడు, తర్వాత అనే మూడూ ఒకదానికొకటి అతికాయి. మీ కేసులో ‘ముందు’ బలంగా ఉంది. ‘అప్పుడు’ దగ్గర రాడ్డు అడ్డం వస్తోంది. ‘తర్వాత’ మీ చేతిలో ఇంకా కొంత ఉంది.

ఆ ‘తర్వాత’ గురించి వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. పాత జబ్బు చరిత్ర దర్యాప్తులో బయటపడితే నిందితుణ్ని వెంటనే వైద్యపరీక్షకు పంపి ఆ నివేదికను కోర్టు ముందు పెట్టడం దర్యాప్తు అధికారి బాధ్యత అనీ, అలా చేయకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులోనే పెద్ద లోపమనీ 2007లో బాపు అలియాస్ గజ్‌రాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఇంతవరకు పంపారా? పంపకపోతే, జబ్బు చరిత్ర ఇదిగో అంటూ ఓపీ చీటీల నకళ్లు జతచేసి, మానసిక వైద్యుడి పరీక్షకు పంపాలని మేజిస్ట్రేటు ముందు వకీలు పిటిషన్ వేయాలి. వాళ్లు పంపితే నివేదిక వస్తుంది, పంపకపోతే మీరు అడిగారన్న సంగతి రికార్డులో ఉంటుంది. జైలులో చేరిన రోజు అక్కడి వైద్యుడు రాసుకున్న మాటలు, ఏ రోజు నుంచి ఏ మందు మొదలుపెట్టారన్నది కూడా తెప్పించమనండి. మందులు పడ్డాక స్థిమితపడిన మనిషిని ఆర్నెల్ల తర్వాత పరీక్షిస్తే ఆ పొద్దున సంగతి ఏమీ తెలియదు. అతను ఇప్పుడు ఏడవడం గురించి భయపడకండి. చట్టం అడిగేది కొట్టిన సమయం. మందులతో తెలివి వచ్చాక తప్పు తెలిసిందంటే, అంతకుముందు తెలియలేదన్న వాదనకు అది అడ్డు కాదు.

కిటికీలకు అంటించిన ప్లాస్టరును అమ్మగారు పీకేయకముందే ఫొటోలు, వీడియో తీయండి. ఇంటికి రంగులు వేసే పనులు పెట్టుకోకండి. ఓపీ పుస్తకంలో చివరిసారి మందు రాసిన తేదీ, మళ్లీ రమ్మన్న తేదీ, ఆ తర్వాత ఖాళీగా ఉన్న పేజీ – మందులు ఆగిపోయిన సంగతి చెప్పేవి అవే. ఆసుపత్రి ఫైలు నకలు అడిగే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగికి ఉంది. అసలు ఫైలును విచారణలో కోర్టు ద్వారా తెప్పించాలి. డాక్టరుగారిని డిఫెన్సు సాక్షిగా పిలిపించి మూడు సంగతులు అడిగితే చాలు: జబ్బు ఏమిటి, మందు ఆపితే ఈ మనిషికి ఎన్నాళ్లలో ఎలాంటి భ్రమలు తిరగబెట్టాయి, విషవాయువు వంటి భ్రమ ఈ జబ్బులో ఎంత గట్టిగా పట్టుకుంటుంది. ఆయన రాయలేనన్న నాలుగో మాట ఆయన చేత రాయించాలని చూడకండి. రాసినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు, దాంతో మొదటి మూడూ పలచబడతాయి.

అమ్మగారి సంతకం గురించి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. ఆ కాగితం దానంతట అది సాక్ష్యం కాదు. ప్రాసిక్యూషన్ సాక్షిగా ఆమె బోనెక్కి వేరే మాట చెబితే ‘అప్పుడు ఇలా అన్నావు’ అని చూపించడానికి మాత్రం వాడతారు. 1964 నాటి దాహ్యాభాయి కేసులో నిందితుడు పిచ్చివాడిలా ఉన్నాడని కోర్టులో చెప్పిన సాక్షులను, ముందు పోలీసులకు ఆ మాట చెప్పలేదని పట్టుకుని కోర్టు నమ్మలేదు. ప్రాసిక్యూషన్ ఆమెను పిలవకుండా వదిలేసి, మీరు డిఫెన్సు సాక్షిగా పిలిస్తే ఆ కాగితంతో ఆమెను ఇరుకున పెట్టే వీలు వాళ్లకు ఉండదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి చెప్పి ఉంటే మాత్రం వేరు సంగతి, ఆ విషయం ఆమెను స్పష్టంగా అడగండి. ఏ పిలుపైనా ఆమె చెప్పాల్సింది నిజమే: ఎందుకు సంతకం పెట్టారో, చదివి వినిపించారో లేదో.

రుజువు భారం మీదే. అయితే ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. సివిల్ దావాలో లాగా, ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపితే చాలు. అక్కడికీ చేరలేకపోయినా, మీరు పెట్టిన సాక్ష్యం వల్ల అతనికి చంపే ఉద్దేశం ఉందా అన్న సందేహం జడ్జికి కలిగితే ఆ లాభం నిందితుడిదే. ఇదీ దాహ్యాభాయి తీర్పే చెప్పింది, ఆ నిందితుడు ఓడిపోయినా.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి, 22వ సెక్షన్ పూర్తిగా వాదించడం. గెలిస్తే తమ్ముడు నేరుగా ఇంటికి వస్తాడనుకోకండి. అతను ఆ పని చేశాడనే తీర్పులో రాసి, మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అంటారు. ఆ తర్వాత మానసిక వైద్య సంస్థలో భద్రంగా ఉంచమనో, పూచీకత్తు తీసుకుని బంధువులకు అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది. అప్పగింత కోరితే అతన్ని చూసుకుంటామని, ఎవరికీ హాని జరగకుండా కాపాడతామని మీరే హామీ ఇవ్వాలి. పక్కింట్లో ఆ మనిషి భార్యాపిల్లలు ఇంకా ఉన్నారన్నది మరవకండి, అదే ఇంటికి తెస్తామంటే జడ్జి వెనకాడతారు. సంస్థలో ఉంచితే ఇన్నేళ్లని గడువు ఉండదు. ఓడిపోతే హత్యకు శిక్ష యావజ్జీవం లేదా మరణశిక్ష అని తెలిసి దిగండి.

రెండోది చాలామంది మొదటిదానితో కలిపేస్తారు. ఇప్పుడు, విచారణ సమయంలో, తన కేసు తాను అర్థం చేసుకుని వకీలుకు చెప్పుకోలేని స్థితిలో ఉంటే విచారణ ఆపమని అడగవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 367, 368 సెక్షన్లు దీనికోసమే. అప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం లేకపోతే, ఓపీ చికిత్స చేయిస్తామని మీరు పూచీ ఇస్తే, మామూలుగా బెయిలు రాని కేసైనా విడుదల చేయవచ్చు. కానీ మీ తమ్ముడు స్థిమితంగా మాట్లాడుతున్నాడు కనుక ఇది దొరికేలా లేదు. దొరికినా కేసు ముగియదు, కోలుకున్నాక మళ్లీ మొదలవుతుంది, ఈలోగా సాక్షులు మరిచిపోతారు.

మూడోది, జబ్బును పూర్తి మినహాయింపుగా కాకుండా హత్యా ఉద్దేశాన్ని తగ్గించే సాక్ష్యంగా, అది కాకపోతే శిక్ష తగ్గించే కారణంగా పెట్టడం. పూర్తి విడుదల ఆశ తగ్గుతుంది, కానీ రాడ్డు, బావి మిమ్మల్ని అంతగా దెబ్బతీయవు. మొదటిదాన్ని ముఖ్యవాదనగా, ఇది ప్రత్యామ్నాయంగా పెట్టుకోవచ్చు. ‘అసలు మావాడు కొట్టనే లేదు’ అన్న వాదనను మాత్రం వీటితో కలపడం నేను ఒప్పుకోను. కొట్టలేదని ఒక నోటితో, తెలియక కొట్టాడని మరో నోటితో అంటే జడ్జి రెండూ నమ్మరు.

ఏ దారి పట్టాలో చార్జిషీటు నకలు చేతికొచ్చి, అందులో రాడ్డు గురించి, అతను పోలీసులకు దొరికినప్పటి స్థితి గురించి ఏం రాశారో చూశాక తేల్చుకోండి. వైద్యపరీక్ష పిటిషన్ అంతవరకు ఆగనక్కర్లేదు. మీ వకీలు సర్టిఫికెట్ మాటే పట్టుకుని కూర్చుంటే, జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. జైలులో ఉన్నవారికీ మానసిక జబ్బు ఉన్నవారికీ అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. దరఖాస్తు జైలు నుంచి మీ తమ్ముడే పెట్టుకోవచ్చు. ఓపీ పుస్తకం అసలు కాపీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, నకలే ఇవ్వండి.